కారు పాలసీ గడువు దాటింది: 90 రోజుల గ్రేస్‌లో ఏముంది, ఏం లేదు

ప్రశ్న: సార్, నా పెట్రోల్ కారు (1197 సీసీ, 2021 జూన్‌లో కొన్నది) పాలసీ 2025 జూన్ 12తో అయిపోయింది. పనుల్లో పడి రెన్యువల్ మర్చిపోయాను. జూన్ 20న రివర్స్ తీస్తుంటే ఎడమవైపు వెనక డోర్ గోడకు తగిలి సొట్ట పడింది. 90 రోజులు గ్రేస్ ఉంటుంది, ఇప్పుడు కట్టినా క్లెయిమ్ వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఏజెంటేమో ఇన్‌స్పెక్షన్ చేయాలి, ఆ సొట్ట సంగతి ఎవరికీ చెప్పకండి అంటున్నాడు. పోయినసారి 35% బోనస్ వచ్చింది. అది పోతుందా? ఇప్పుడు నేనేం చేయాలి?

సమాధానం:

ముందు సొట్ట సంగతి చెప్పేస్తాను. దానికి క్లెయిమ్ రాదండీ. జూన్ 12 అర్ధరాత్రి దాటిన క్షణం నుంచి మీ కారుకి ఇన్సూరెన్స్ లేదు. 20న జరిగింది ఇన్సూరెన్స్ లేని కారుకి జరిగిన నష్టం. ఈరోజు డబ్బు కట్టినా, నిన్న కట్టి ఉన్నా, అది వెనక్కి వెళ్లి 20వ తేదీని కవర్ చేయదు. ఆ రిపేరు ఖర్చు మీదే.

మీ ఫ్రెండ్ చెప్పిన 90 రోజులు నిజంగానే ఉన్నాయి. కాకపోతే అవి నో క్లెయిమ్ బోనస్‌కి, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో తగ్గించే డిస్కౌంట్‌కి ఇచ్చిన గడువు. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేసుకుంటే మీరు సంపాదించుకున్న డిస్కౌంట్ నిలుస్తుంది, దాటితే సున్నా అవుతుంది. ఆ 90 రోజులూ కారుకి రక్షణ ఉంటుందని ఎక్కడా లేదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణం కూడా ఉంది. జీవిత బీమాలో ఏడాదికోసారి ప్రీమియం కట్టేవాళ్లకి 30 రోజుల గ్రేస్ ఇస్తారు, ఆ 30 రోజుల్లో మనిషి పోతే కట్టాల్సిన ప్రీమియం మినహాయించుకుని క్లెయిమ్ ఇస్తారు. ఇంట్లో అందరికీ ఎల్‌ఐసీ పాలసీలు ఉంటాయి కాబట్టి అదే లెక్క కారుకీ ఉంటుందనుకుంటారు. మోటారు పాలసీలో అలాంటిది ఒక్కరోజు కూడా లేదు. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోని సెక్షన్ 64వీబీ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా కంపెనీ రిస్క్ తీసుకోకూడదు.

రోజు మాత్రమే కాదు, గంటలు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. 1991 డిసెంబరులో జరిగిన ఒక ప్రమాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రమాదం మధ్యాహ్నం 2:20కి జరిగింది. పాలసీ అదే రోజు 2:55కి తీసుకున్నారు. పాలసీ పత్రానికి ముందు ఇచ్చే తాత్కాలిక కాగితం, కవర్ నోట్ మీద సమయం రాసి ఉంది కాబట్టి, అంతకు ముందు జరిగిన ప్రమాదానికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని కోర్టు తేల్చింది. తేడా 35 నిమిషాలే. మీ విషయంలో తేడా రోజుల్లో ఉంది.

అసలు భయపడాల్సింది సొట్ట గురించి కాదు. జూన్ 13 నుంచి ఇప్పటిదాకా మీరు ఆ కారు రోడ్డు మీద తిప్పుతున్నారా? తిప్పుతుంటే ఈరోజే ఆపేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి బయటకు తీయకూడదు. సెక్షన్ 196 కింద మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000. జరిమానా కట్టేస్తే అక్కడితో పోతుంది. మీ కారు ఒక మనిషికి తగిలితే మాత్రం అలా పోదు. ప్రాణం పోయినా, గాయమైనా థర్డ్ పార్టీ పాలసీలో పరిహారానికి పైపరిమితి లేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత ఇవ్వమంటే కంపెనీ అంత ఇస్తుంది. పాలసీ లేని రోజు అదే తీర్పు ఓనర్ పేరు మీద వస్తుంది. కుటుంబాన్ని పోషించే ముప్పై అయిదేళ్ల మనిషి చనిపోతే, అతని సంపాదన, మిగిలిన వయసు, అతని మీద ఆధారపడ్డవాళ్లను లెక్కలోకి తీసుకుని పరిహారం కడతారు. అది లక్షల్లో ఉంటుంది, కోటి దాటిన కేసులూ ఉన్నాయి. కట్టలేకపోతే ఓనర్ ఆస్తి జప్తు దాకా వెళ్తుంది.

ఇక ఇన్‌స్పెక్షన్. గడువు ఒక్కరోజు దాటినా దాన్ని బ్రేక్ ఇన్ అంటారు. పాత కంపెనీలోనే కట్టినా, కొత్త కంపెనీకి వెళ్లినా అది బ్రేక్ ఇన్ కేసే. కారు దెబ్బతిన్నాక పాలసీ తీసుకుని, తర్వాత దెబ్బతిన్నట్టు క్లెయిమ్ పెట్టేవాళ్లను ఆపడానికి ఈ పద్ధతి పెట్టారు. అందుకే సొంత కారు నష్టానికి ఇచ్చే కవర్, అంటే ఓన్ డ్యామేజ్ భాగం, ఇన్‌స్పెక్షన్ అయ్యాకే మొదలవుతుంది. థర్డ్ పార్టీ మాత్రమే తీసుకుంటే మామూలుగా ఇన్‌స్పెక్షన్ అడగరు, మీ కారు సొట్టతో వాళ్లకి సంబంధం లేదు కాబట్టి. కొన్ని కంపెనీలు పాత కస్టమర్లకి మొదటి కొద్ది రోజులు ఇన్‌స్పెక్షన్ లేకుండానే రెన్యువల్ చేస్తాయి. అలా చేసినా మధ్యలో ఖాళీగా పోయిన రోజులకు కవర్ రాదు. టూ వీలర్లకు చాలా కంపెనీలు ఇన్‌స్పెక్షన్ పెట్టవు, బదులుగా డబ్బు కట్టిన రోజు కాకుండా కొన్ని రోజులు ఆగి పాలసీ మొదలుపెడతాయి. గడువు దాటకపోయినా, ఇన్నాళ్లూ థర్డ్ పార్టీ మాత్రమే ఉండి ఇప్పుడు ఫుల్ పాలసీకి మారేవాళ్లకి కూడా ఇన్‌స్పెక్షన్ ఉంటుంది.

ఇన్‌స్పెక్షన్ రెండు రకాలుగా జరుగుతుంది. సర్వేయర్ ఇంటికొచ్చి చూడొచ్చు, లేదా మీ ఫోన్‌కి ఒక లింక్ వస్తుంది, మీరే తీయాలి. ఇప్పుడు రెండోదే ఎక్కువ. ఆ లింక్‌లో గ్యాలరీలోని పాత ఫొటోలు పెట్టనివ్వరు, కెమెరా తెరిచి అప్పటికప్పుడే తీయాలి, సమయమూ లొకేషనూ దానితోపాటే వెళ్తాయి. కారు ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు మూలలు అడుగుతారు. ఇంజిన్ ఆన్ చేసి ఓడోమీటర్ ఫొటో, లోపలి నుంచీ బయటి నుంచీ ముందు అద్దం, బానెట్ ఎత్తి ఇంజిన్, ఛాసిస్ నంబరు, ఆర్‌సీ, పాత పాలసీ అడుగుతారు. ఎక్కువమంది ఇరుక్కునేది ఛాసిస్ నంబరు దగ్గరే. అది కారు మోడల్‌ని బట్టి డ్రైవర్ పక్క సీటు కింద, లేదా బానెట్ లోపల బాడీ మీద గుద్ది ఉంటుంది. మట్టి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తే అక్షరాలు తేలతాయి. ఎదురుగా వేస్తే మెరిసిపోయి ఏమీ కనపడదు. కారు కడిగి, పగటిపూట, ఎండ నేరుగా పడని చోట తీయండి. తడి ఆరాక తీయండి, నీటి చుక్కలుంటే గీతల్లా కనిపించి ఫొటో మళ్లీ తీయమంటారు.

ఫొటోలు వెళ్లాక ఫలితం మూడు రకాలుగా వస్తుంది. రికమెండెడ్ అంటే పాలసీ ఇవ్వొచ్చు. నాట్ రికమెండెడ్ అంటే ఈ స్థితిలో ఇవ్వరు, ముందు అద్దం పగిలి ఉంటే చాలా కంపెనీలు ఇలాగే చేస్తాయి. రిఫర్డ్ అంటే పైవాళ్లు చూసి చెబుతారు, దానికి మరికొంత టైమ్ పడుతుంది. రికమెండెడ్ వచ్చాక డబ్బు కట్టడానికి ఇచ్చే వ్యవధి చిన్నది, సాధారణంగా ఒకటి రెండు రోజులే. ఆలస్యం చేస్తే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్పెక్షన్ చేయించాలి. ఆ మధ్యలో కారుకి కొత్త దెబ్బలు తగలవని ఎవరూ హామీ ఇవ్వలేరు కదా.

కొన్ని వెబ్‌సైట్లలో ముందు డబ్బు తీసుకుని తర్వాత ఇన్‌స్పెక్షన్ లింక్ పంపుతారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండండి. పేమెంట్ సక్సెస్ అని మెసేజ్ రాగానే ఇన్సూరెన్స్ వచ్చేసిందని కారు బయటకు తీసేవాళ్లున్నారు. అప్పటికి కంపెనీ దగ్గర మీ డబ్బు మాత్రమే ఉంది, పాలసీ పుట్టలేదు. ఇన్‌స్పెక్షన్‌లో కుదరదంటే డబ్బు వెనక్కిస్తారు, అంతే. పాలసీ పీడీఎఫ్ చేతికొచ్చి, అందులో పాలసీ వ్యవధి ఎప్పటి నుంచి అని రాసి ఉన్న తేదీ, సమయం దాటాకే తాళం తీయండి. ఓన్ డ్యామేజ్‌కి ఒక తేదీ, థర్డ్ పార్టీకి ఇంకో తేదీ వేసే పాలసీలు కూడా ఉంటాయి, రెండూ చూడండి.

ఇప్పుడు ఏజెంట్ సలహా. దాచమని చెప్పిన మాట వినకండి. దాచడానికి కుదరదు కూడా. వెనక డోర్ పక్క ఫొటోలో వస్తుంది, సొట్ట ఉంటే సొట్టే కనిపిస్తుంది. పైపైన రంగు కొట్టి పంపుదామనుకుంటే, రంగు తేడా, పుట్టీ పెట్టిన చోట అద్దంలాంటి నునుపు పోయి అలలు తేలడం, ఇవి ఇన్‌స్పెక్షన్ ఫొటోలు రోజూ చూసేవాడికి తెలిసిపోతాయి. పాలసీ వచ్చిన వారానికి ఈ డోర్‌కే క్లెయిమ్ పెడితే ఇంకా ఇబ్బంది. పాలసీ మొదలైన తొలి రోజుల్లో వచ్చే క్లెయిమ్‌ని కంపెనీలో క్లోజ్ ప్రాక్సిమిటీ అంటారు, దాన్ని వేరుగా పరిశీలిస్తారు. బ్రేక్ ఇన్ కేసైతే ఇన్వెస్టిగేటర్‌ని పంపడం మామూలే. సర్వేయర్ దగ్గరికొచ్చి ముందు సొట్ట అంచు చూస్తాడు. కొత్తగా తగిలిన చోట రంగు లేచి లోపలి రేకు మెరుస్తుంటుంది, గోడ సున్నమో సిమెంటు పొడో ఇంకా అంటుకుని ఉంటుంది. పాత సొట్ట అంచుల్లో దుమ్ము పేరుకుని ఉంటుంది, రేకు బయటపడ్డ చోట తుప్పు మొదలై రంగు గోధుమగా మారుతుంది, ఇప్పుడు వానాకాలం కాబట్టి ఇంకా తొందరగా మారుతుంది. ఇవి చూసి, ఇన్‌స్పెక్షన్ ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూస్తాడు. ప్రమాదం తేదీ తప్పు చెప్పారని తేలితే ఆ క్లెయిమ్ పోతుంది, తప్పుడు సమాచారం ఇచ్చారని పాలసీకే ఎసరు రావొచ్చు.

సొట్టతో మీకు రెండు దారులున్నాయి. ఒకటి, అలాగే ఇన్‌స్పెక్షన్ చేయించుకోవడం. రిపోర్టులో ఎడమ వెనక డోర్ డ్యామేజ్ అని రాస్తారు, మిగతా కారుకి పాలసీ వస్తుంది. ఒక్క డోర్ సొట్టకి పాలసీ నిరాకరించడం అరుదు. కాకపోతే రేపు ఎవరో వచ్చి అదే డోర్‌ని గుద్దితే, అది ముందే పాడై ఉందని ఆ డోర్ ఖర్చు కోస్తారు. రెండు, ముందు డోర్ బాగుచేయించి తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి పంపడం. అప్పుడు రిపోర్టు శుభ్రంగా ఉంటుంది, డోర్ కూడా కవర్‌లోకి వస్తుంది. దీనికి అడ్డు ఒకటే, ఇన్సూరెన్స్ లేని కారుని వర్క్‌షాప్‌దాకా నడపకూడదు. డెంటింగ్ చేసేవాణ్ని ఇంటికి పిలిపించడమో, టోయింగ్ వ్యాన్‌లో పంపడమో చేయాలి.

నన్నడిగితే మొదటిదే మేలు. మీరు సొట్ట గురించి మాత్రమే చెప్పారు కాబట్టి డోర్ బాగానే తెరుచుకుని మూసుకుంటోందనుకుంటున్నాను. దానికోసం కారుని ఇంకో వారం పది రోజులు కవర్ లేకుండా ఉంచడం మంచిది కాదు. పాలసీ వచ్చాక డోర్ బాగుచేయించి, బిల్లు దాచుకోండి, బాగుచేయించిన డోర్ ఫొటోలు కంపెనీకి ఈమెయిల్ చేసి రికార్డులో సరిచేయమని అడగండి. కొన్ని కంపెనీలు మళ్లీ ఒకసారి ఇన్‌స్పెక్షన్ చేసి ఆ మినహాయింపు తీసేస్తాయి. తీయకపోయినా, తర్వాత అదే డోర్‌కి దెబ్బ తగిలితే ముందే బాగుచేయించారని చెప్పడానికి ఆ బిల్లే ఆధారం.

బోనస్ లెక్కకి వద్దాం. మీరు 2021 జూన్‌లో కొన్నారు, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ లేదు. 2022 రెన్యువల్‌లో 20%, 2023లో 25%, 2024లో 35% వచ్చింది. ఈసారి 45% రావాలి, వచ్చే ఏడాది 50%, ఆ పైన పెరగదు. సొట్టకి క్లెయిమ్ పెట్టరు కాబట్టి ఈ మెట్టు మీకు దక్కుతుంది. మీ 90 రోజులు సెప్టెంబరు 10తో అయిపోతాయి. అప్పటికి పాలసీ చేతిలో ఉండాలి, ఇన్‌స్పెక్షన్ మొదలుపెట్టామంటే సరిపోదు. రిఫర్డ్‌లో పడితే రోజులు కరిగిపోతాయి.

దాటితే ఎంత నష్టమో ఒక లెక్క వేసి చూపిస్తాను. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం. ప్రతి ఏడాదీ అంతే ఉంటుందనీ, క్లెయిములు ఉండవనీ కూడా అనుకుందాం. బోనస్ నిలిస్తే ఈ ఏడాది 5,500, ఆ తర్వాత నాలుగేళ్లు 5,000 చొప్పున, మొత్తం 25,500. బోనస్ పోతే ఈ ఏడాది 10,000, తర్వాత 8,000, 7,500, 6,500, 5,500, మొత్తం 37,500. అయిదేళ్లలో తేడా 12,000, జీఎస్టీ కలపకుండానే. కిందపడ్డాక మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి కాబట్టి ఒక్క ఏడాదితో తీరేది కాదు. బోనస్ ఓన్ డ్యామేజ్ మీదే ఉంటుంది. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినది, మీ ఇంజిన్ సైజుకి 3,416 రూపాయలు, ఇది 2022 జూన్‌లో పెట్టిన రేటు, బోనస్ ఉన్నా లేకపోయినా మారదు.

కొత్త కంపెనీకి మారుతుంటే ఫారంలో పాత పాలసీ ముగిసిన తేదీ, క్లెయిములు, బోనస్ శాతం సరిగ్గా రాయండి. మీకు 45% వస్తుంది, కానీ ఫారంలో అడిగేది పాత పాలసీలో ఉన్న 35% అయ్యుండొచ్చు, జాగ్రత్తగా చదవండి. గడువు దాటలేదని టిక్ పెట్టి ఇన్‌స్పెక్షన్ తప్పించుకునే ప్రయత్నం అసలే చేయకండి. పాత కంపెనీ నుంచి తేదీలు తెప్పించుకోవడం వాళ్లకి పెద్ద పని కాదు, క్లెయిమ్ పెట్టిన రోజు తప్పకుండా తెప్పిస్తారు.

విడిభాగాల అరుగుదల పేరుతో డబ్బు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కావాలంటే ముందే అడగండి. బ్రేక్ వచ్చిన కార్లకి కొన్ని కంపెనీలు దాన్ని ఇవ్వవు, పాత పాలసీలో లేకపోతే మరీ కష్టం. అందుకే కోట్ చూసేటప్పుడు ధర ఒక్కటే కాకుండా ఏమేం ఇస్తున్నారో చూడండి.

ఇది చదువుతున్న వేరేవాళ్ల కోసం ఒక మాట. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త కార్లకి మూడేళ్ల థర్డ్ పార్టీ, కొత్త బైకులకి అయిదేళ్ల థర్డ్ పార్టీ ముందే కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామందికి ఏడాదికే ఉంటుంది. మొదటి ఏడాది దాటాక పోలీసు ఆపినా థర్డ్ పార్టీ పత్రం చెల్లుతుంది, జరిమానా పడదు, అందుకే ఓన్ డ్యామేజ్ అయిపోయిన సంగతి చాలామందికి కారు దెబ్బతిన్నాక తెలుస్తుంది. పాలసీలో రెండు వ్యవధులు వేరువేరుగా రాసి ఉంటాయి, రెండు తేదీలూ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. వీళ్లకి ఓన్ డ్యామేజ్ విడిగా అమ్ముతారు, గడువు దాటితే వీళ్లకీ ఇన్‌స్పెక్షనే, 90 రోజుల లెక్కా ఇదే.

మీ విషయంలో మూడేళ్ల థర్డ్ పార్టీ 2024లోనే అయిపోయింది, కాబట్టి ఇప్పుడు మీకు రెండూ లేవు. కారుని ఉన్నచోటే ఉంచండి. ఈరోజే పాత కంపెనీ యాప్‌లో ఒక కోట్, బయట రెండు మూడు చోట్ల కోట్‌లు తీసుకోండి, ఇన్‌స్పెక్షన్ ఇంటి దగ్గరే, మీ ఫోన్‌తోనే అవుతుందా అని అడగండి. రేపు పొద్దున వెలుగు బాగున్నప్పుడు ఫొటోలు తీయండి, సొట్టని దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి తీసి పంపండి. రికమెండెడ్ రాగానే అదే పూట డబ్బు కట్టండి. అత్యవసరంగా కారు కదపాల్సి వస్తే మాత్రం థర్డ్ పార్టీ ఒక్కటైనా ముందు తీసుకోవచ్చు, తర్వాత ఓన్ డ్యామేజ్ విడిగా కలుపుకోవచ్చు. కాకపోతే మీ కారులాంటి పాత కారుకి ఓన్ డ్యామేజ్ విడిగా ఇస్తారా అని కంపెనీని ముందే అడిగి, ఆ తర్వాతే ఈ దారిలో వెళ్లండి. ఇలా వెళ్లినా బోనస్ గడువు సెప్టెంబరు 10 వరకే, థర్డ్ పార్టీ తీసుకున్నందువల్ల ఆ గడువు పెరగదు.

పాలసీ వచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ తేదీ మారిందో లేదో చూడండి. అక్కడ చేరడానికి కొంత ఆలస్యమవుతుంది కాబట్టి, అది మారేదాకా పాలసీ పీడీఎఫ్ ఫోన్‌లో ఉంచుకోండి.